ముందే రద్దు చేసినా అదే కోత

విజయవాడ నుంచి సికింద్రాబాద్‌కు నలుగురి కుటుంబం స్లీపర్‌లో బెర్తులు తీసుకుంది. ఒక్కొక్కరికి ఛార్జీ 260 రూపాయలు అనుకుందాం. మొత్తం 1,040. ఇంట్లో పెద్దావిడకు జ్వరం వచ్చి, ఐదు రోజుల ముందే ప్రయాణం మానుకున్నారు. ఫోన్‌లో రద్దు చేస్తే చేతికొచ్చేది 560 రూపాయలు. టికెట్ తీసుకునేటప్పుడు కట్టిన కన్వీనియన్స్ ఫీజు ఎలాగూ తిరిగిరాదు.

2015 నవంబరు 12న అమల్లోకి వచ్చిన రీఫండ్ నిబంధనల లెక్క ఇది. ఖరారైన టికెట్‌ను రైలు బయల్దేరాల్సిన సమయానికి 48 గంటల కంటే ముందు రద్దు చేస్తే, తరగతిని బట్టి మనిషికి ఇంత అని కోస్తారు. స్లీపర్‌కు 120, సెకండ్ ఏసీకి 200. ఏసీ వాళ్లకు దానిమీద జీఎస్టీ కూడా పడుతుంది. 48 నుంచి 12 గంటల మధ్య అయితే ఛార్జీలో 25 శాతం పోతుంది, కానీ ఆ కోత పై మొత్తానికి తగ్గకూడదు. 12 నుంచి 4 గంటల మధ్య సగం పోతుంది. నాలుగు గంటలు కూడా లేకపోతే ఖరారైన టికెట్‌కు పైసా రాదు.

చిక్కంతా ఆ 'తగ్గకూడదు' అన్న మాటలో ఉంది. 260లో పావు వంతు 65 రూపాయలే. అయినా 120 కోస్తారు. అంటే మన కుటుంబం ఐదు రోజుల ముందు రద్దు చేసినా, 13 గంటల ముందు రద్దు చేసినా పోయేది 480 రూపాయలే. ఐదు గంటల ముందు వరకూ ఆగితే 520 పోతుంది. అన్ని రోజులు ఆగినందుకు పడే అదనపు భారం నలుగురికీ కలిపి 40 రూపాయలు. స్లీపర్ ఛార్జీ 480 దాటితే తప్ప ఆ 25 శాతం లెక్కకు అర్థమే లేదు.

ఢిల్లీ వెళ్లే సెకండ్ ఏసీ టికెట్ 2,800 అనుకోండి. ముందుగా రద్దు చేస్తే జీఎస్టీ కాక 200 పోతుంది, అంటే ఏడు శాతం. ఆలస్యమైతే 700, ఇంకా ఆలస్యమైతే 1,400. ఆ ప్రయాణికుడికి తొందరపడటానికి కారణం ఉంది. స్లీపర్ ప్రయాణికుడు మాత్రం మొదటి రోజే 46 శాతం పోగొట్టుకుంటున్నాడు, ఇంకెందుకు తొందరపడతాడు? ‘చూద్దాంలే, జ్వరం తగ్గుతుందేమో’ అని ఆగుతాడు. అతని బెర్తు కోసం వెయిటింగ్ లిస్టులో ఉన్న మనిషి టెన్షన్‌తో స్టేటస్ చూసుకుంటూనే ఉంటాడు.

ఆఖరి గంటల్లో రద్దయితే బెర్తు ఖాళీగా పోయే ప్రమాదం ఉంది, అప్పుడు గట్టిగా కోయడాన్ని మేము తప్పుపట్టం. ఐదు రోజుల ముందు వదిలేసిన బెర్తు మరొకరికి వెళ్తుంది. దానిమీద సగానికి దగ్గరగా కోయడం అన్యాయం. 2015కు ముందు స్లీపర్ కోత 60 రూపాయలే ఉండేది, ఒక్కసారిగా రెట్టింపు చేశారు.

48 గంటల ముందు రద్దు చేసే స్లీపర్, సెకండ్ క్లాస్ టికెట్లకు ఇప్పటి కోత లేదా ఛార్జీలో పది శాతం, ఏది తక్కువైతే అదే తీసుకోవాలని రైల్వే శాఖను కోరుతున్నాం. అప్పుడు ఆ కుటుంబానికి 104 రూపాయలు పోయి 936 తిరిగొస్తాయి.