బావగారి మీటరూ అరవై

మా బావగారికి లెక్కలంటే ప్రాణం. లెక్కలకే ఆయన మీద అంత మమకారం లేదు. కొత్తగా ఒక జత కుట్టించుకోవాలని, అందులో గళ్ళ చొక్కా, సాదా ప్యాంటు, పైన చేతుల్లేని కోటు ఉండాలని నిర్ణయించిన రోజే కాగితం, పెన్సిలు తీశారు. బట్టల దుకాణాలూ టైలర్లూ కలిసి లోకాన్ని దోచుకుంటున్నారని ఆయన చిరకాల అనుమానం. ఈసారి పైసా ఎక్కువ పోనివ్వనని ప్రకటించి, కాగితం మీద మొదటి వాక్యంగా "చొక్కాకు మీటరూ అరవై" అని రాసుకున్నారు. ఎప్పుడో ఎవరో చెప్పగా విన్న సంగతి అది. ఎవరు చెప్పారో, ఏ బట్ట గురించి చెప్పారో మాత్రం ఆయనకు గుర్తులేదు.

దుకాణంలో ఆయనకు రెండు గళ్ళ బట్టలు నచ్చాయి. ఒకటి యాభై ఎనిమిది అంగుళాల పన్నా, అంటే బట్ట వెడల్పు అంత. రెండోది ముప్పై ఆరు అంగుళాల పన్నా, మీటరు ధర మొదటిదానికంటే పావు వంతు తక్కువ. బావగారి కళ్ళు మెరిశాయి. "చూశావటోయ్, అదే చొక్కా, ముప్పాతిక ధరకే!" అని నా వీపు తట్టారు.

"పన్నా కూడా తక్కువ కదా బావగారూ" అన్నాను.

"నేనూ సన్నబడ్డానులే" అని మీటరూ అరవై చింపించేశారు.

పన్నా సంగతి ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే తర్వాత జరిగినది అర్థం కాదు. బావగారి చొక్కా పొడవు ముప్పై అంగుళాలు, చేతి పొడవు ఇరవై ఐదు. వెడల్పాటి బట్టలో వీపు ముక్క, ముందరి రెండు ముక్కలు పక్కపక్కనే ఒకే పొడవులో సర్దుకుంటాయి. వాటి కింద రెండు చేతులు, పక్కన మిగిలిన జాగాలో కాలరు, కఫ్‌లు, భుజం పట్టీ ఇమిడిపోతాయి. కాబట్టి ముప్పై, ఇరవై ఐదు, మడతలకూ కుట్లకూ మరో ఆరు కలిపితే అరవై ఒక్క అంగుళాలు. అంటే మీటరున్నర కంటే కాస్త ఎక్కువ. "మీటరూ అరవై" అనే మాట పుట్టింది ఈ పన్నాలోనే.

ముప్పై ఆరు అంగుళాల పన్నాలో వీపు ముక్క ఒక్కటే ఇరవై ఆరు అంగుళాలు ఆక్రమిస్తుంది. దాని పక్కన మిగిలిన పది అంగుళాల్లో బావగారి ముందరి భాగం ఇమడదు. ఆయన బొజ్జ ఎరిగిన వారెవరికీ ఈ విషయం మళ్ళీ చెప్పనక్కరలేదు. అందుకని ముందరి ముక్కలకు మరో ముప్పై అంగుళాల పొడవు, ఆ తర్వాత చేతులకు ఇరవై ఐదు కావాలి. మడతలకూ కుట్లకూ ఆ ఆరుతో సహా అన్నీ కలిపి తొంభై ఒక్క అంగుళాలు, అంటే దాదాపు రెండు మీటర్ల ముప్పై. ముప్పాతిక ధరకు కొన్నా, కావలసిన పొడవు ఒకటిన్నర రెట్లు అవుతోంది. బట్ట ధర పోల్చేటప్పుడు మీటరుకు మీటరు కాకుండా, చొక్కాకు చొక్కా పోల్చాలనేది అందుకే. ఆ లెక్క వేసి ఉంటే ఆయన పావు వంతు ఆదా చేయడం మాట అటుంచి, నూటికి పన్నెండు వంతులు ఎక్కువ ఖర్చు పెట్టబోతున్నారని దుకాణంలోనే తేలిపోయేది.

టైలరు మాస్టరు బట్టను బల్ల మీద పరిచారు. టేపు ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా పెట్టారు. తర్వాత బావగారి వైపు చూశారు. మళ్ళీ బట్ట వైపు చూశారు.

"మిగతా బట్ట ఏదండీ?"

"మిగతా ఏమిటి? చొక్కాకు మీటరూ అరవై కదా!"

"ఎవరి చొక్కాకండీ?"

బావగారు ఆ ప్రశ్నను గౌరవభంగంగా భావించారు. మాస్టరు మాత్రం నిదానంగా వివరించారు. బట్ట మీద నాలుగంగుళాల గడి ఉంది. గుండీల దగ్గర ఎడమ గడి కుడి గడితో కలవాలి, పక్క కుట్టులో ముందు గడి వెనక గడితో కలవాలి, చేతి మీది గీత ఛాతీ మీది గీతకు సరిగా రావాలి. అలా కలవాలంటే ప్రతి పొడవులోనూ ముక్కను కొంచెం పైకో కిందికో జరిపి కత్తిరించాలి. ఒక్కో పొడవుకు ఒక గడి చొప్పున, ఈ పన్నాలో మూడు పొడవులకు పన్నెండు అంగుళాలు అదనం.

"గళ్ళు కలవకపోతే కొంప మునుగుతుందా?" అన్నారు బావగారు.

"మునగదండీ. ఒక భుజం కిందికి జారినట్టు కనిపిస్తారు, అంతే."

ఆ తర్వాత మాస్టరు, బట్ట నానబెట్టారా అని అడిగారు. నూలు బట్ట మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు వంతులు కుంచించుకుపోవచ్చు. ఐదు వంతులంటే ముప్పై అంగుళాల చొక్కా అంగుళంన్నర పొట్టిదవుతుంది, చెయ్యి అంగుళంపావు పైకి ఎగబాకుతుంది. అందుకే నానబెట్టి ఆరబెట్టాకే కత్తిరిస్తారు, ఆ తరుగు కూడా ముందే కలుపుకుని కొంటారు. మొత్తం మీద ఈ చొక్కాకు రెండు మీటర్ల డెబ్బై ఐదు కావాలి. ఉన్నది మీటరూ అరవై. నానబెడితే అదీ అరవై అంగుళాలకు దిగింది.

"దీంతో ఏమవుతుంది?" అని అడిగారు బావగారు, కొంచెం తగ్గిన గొంతుతో.

"మీ వీపవుతుందండీ" అన్నారు మాస్టరు.

మర్నాడే మళ్ళీ దుకాణానికి పరుగు. అదృష్టవశాత్తూ అదే గడి, అదే పన్నా దొరికింది. దురదృష్టవశాత్తూ అది వేరే తాను, వేరే విడతలో అద్దిన రంగు. మగ్గం మీద నేత ఎంత ఒకటే అయినా, ఒక విడత అద్దకానికీ మరో విడతకూ ఛాయలో తేడా రావచ్చు. దుకాణం దీపాల వెలుగులో ఆ తేడా కనిపించదు. రెండు ముక్కలూ పగటి వెలుగులోకి తెచ్చి పక్కపక్కన పెట్టి చూడాలి. బావగారు మొదటి ముక్కను మాస్టరు దగ్గరే వదిలి వెళ్ళారు కాబట్టి ఆ ప్రశ్నే తలెత్తలేదు. ముందు భాగాలకూ చేతులకూ గళ్ళు, తరుగు కలుపుకుని మీటరూ డెబ్బై తెచ్చారు. వెరసి మూడు మీటర్ల ముప్పై. వెడల్పాటి బట్టలో ఇదే చొక్కా, ఇవే గళ్ళతో, ఇదే తరుగుతో మీటరూ ఎనభై ఐదులో అయిపోయేది. ముప్పాతిక ధర బట్టతో ఆయన మూడో వంతు ఎక్కువ చెల్లించారు.

ప్యాంటు గురించి చెప్పుకోవలసింది పెద్దగా లేదు. యాభై ఎనిమిది పన్నాలో కాలి పొడవుకు మరో ఆరేడు అంగుళాలు కలిపి కొన్నారు, సరిపోయింది. అక్కయ్య వెంట వెళ్ళింది కాబట్టి సరిపోయింది.

తర్వాత బిల్లు వచ్చింది. బావగారు దాన్ని చదివి కుర్చీలో కూలబడ్డారు. "ఈ కుట్టుకూలితో కుట్టిన చొక్కానే కొనుక్కోవచ్చు!" అన్నారు. నిజమే, కొనుక్కోవచ్చు. కార్ఖానాలో బట్టను పదుల కొద్దీ పొరలుగా పేర్చి ఒక్క కోతలో కత్తిరిస్తారు. ఒకరు కాలరే కుడతారు, ఇంకొకరు కఫ్‌లే కుడతారు. అందరి చేతుల్లోనూ గడిచిన కాలం కలిపినా మామూలు చొక్కా కుట్టడానికి అరగంట లోపే పడుతుంది. మాస్టరు ఒక్కరే ఒక్క మనిషి కోసం గీసి, కత్తిరించి, కాలరు తిప్పి, కాజాలు వేసి, ఇస్త్రీ చేసే సరికి నాలుగు గంటలు. గళ్ళు కలపడానికి మరో గంట. ప్యాంటుకు మూడున్నర, లోపల లైనింగు ఉన్న చేతుల్లేని కోటుకు ఐదు. ఇదంతా ఆయన చెప్పినది మాత్రమే కాదు. ట్రయల్ వంకతో దుకాణంలో కాలక్షేపం చేస్తూ నేనూ గడియారం చూశాను.

అక్కయ్య బిల్లు అందుకుని, కూలి ఎంత, సామాను ఎంత అని విడగొట్టించింది. పదమూడున్నర గంటలంటే ఎనిమిది గంటల చొప్పున ఒకటిన్నర రోజు దాటిన పని. మా ఇంట్లో వైర్లు వేసిన పనివాడికి ఒక రోజుకు ఎంత ఇచ్చామో అది ఆమెకు గుర్తుంది. దానితో పోలిస్తే మాస్టరు కూలి రెండు రోజుల పైచిలుకు అయింది. ఆ పైచిలుకులోనే దుకాణం అద్దె, మిషను, కరెంటు, దారం ఉన్నాయి. "కూలి న్యాయమే" అంది అక్కయ్య. చొక్కాకు గళ్ళ పేరుతో పావు వంతు అదనంగా వేసినదీ ఒప్పుకుంది. నాలుగు గంటల పని ఐదు గంటలైతే అదనం పావు వంతే కదా.

బావగారి ముఖం మరింత వాడిపోయింది. భార్య తన పక్షాన వాదిస్తుందని ఆశపడి తెచ్చుకున్న మనిషి ఆయన.

అప్పుడు అక్కయ్య వేలు రెండు పంక్తుల మీద ఆగింది. "కటింగు అని వేరే రాశారేమిటండీ? కత్తిరించకుండా కుట్టేవాళ్ళు కూడా ఉన్నారా?" మాస్టరు దగ్గి, ఆ పంక్తి కొట్టేశారు. "లైనింగు మూడు మీటర్లు దేనికి?" ప్యాంటు జేబులకు అరమీటరు, కోటు లోపలికీ వీపుకూ మీటరుంబావు చాలునని ఆమె లెక్క. మాస్టరు లేచి లోపలికి వెళ్ళి, మిగిలిన లైనింగు తెచ్చి బల్ల మీద పెట్టారు. దానితోపాటు బకరం, గుండీలు, జిప్పు ధరలు కూడా విడివిడిగా రాశారు. అవి సరిగ్గానే ఉన్నాయి. దొంగలెక్క దొరుకుతుందని బావగారు కూలి మీద పెట్టిన దృష్టిలో సగం సామాను మీద పెట్టి ఉంటే, ఆ ఘనత ఆయనకే దక్కేది.

చొక్కా బాగా కుదిరింది. గళ్ళన్నీ గీత తప్పకుండా కలిశాయి. రంగు మాత్రం ముందు ముదురు నీలం, వెనక లేత నీలం. ఎదురుగా వచ్చినప్పుడు ఒక మనిషి, దాటి వెళ్ళాక ఇంకొక మనిషి. బావగారు మాత్రం అసలు ఆ చేతుల్లేని కోటు కుట్టించుకున్నదే వీపు కప్పుకోవడానికని అందరికీ చెబుతున్నారు.

లేత నీలంలో వీపు పోగా మిగిలిన ముక్కను అక్కయ్య అడిగి మరీ తెచ్చింది. బట్ట కొన్నది మనమైతే మిగులు కూడా మనదే, అడగకపోతే అది దుకాణంలోనే ఉండిపోతుంది. దాంతో ఏం చేయాలా అని బావగారు రెండు రోజులు కాగితం మీద లెక్కలు వేసి, పిల్లవాడికి ఒక చొక్కా తప్పకుండా అవుతుందని తేల్చారు. ముక్క పట్టుకుని మళ్ళీ మాస్టరు దగ్గరికి బయలుదేరుతుంటే అక్కయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడి టేపు చేతికిచ్చింది.

"ముందు పిల్లవాణ్ణి కొలవండి" అంది.