శుభలేఖ చదవలేకపోతే బద్ధకమా?

నిన్న ఒక గృహప్రవేశంలో భోజనాలయ్యాక అందరూ హాల్లో చేరారు. నాలుగో తరగతి చదివే పిల్లాడి చేతిలో వాళ్ళ పెదనాన్న ఒక శుభలేఖ పెట్టి, "ఏదీ నాన్నా, గట్టిగా చదువు, వింటాం" అన్నాడు. ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతోంది.

"శుభలేఖ" అని టక్కున చెప్పేశాడు. అది చదివి కాదు, ప్రతి కార్డు మీదా అదే ఉంటుందని తెలుసు కాబట్టి. "జ్యేష్ఠ" దగ్గర "జే... జే..." అని ఆగి వదిలేశాడు. "ద్వితీయ" కాస్తా "దితియ" అయింది. "వివాహము" బదులు "వివరము" అన్నాడు. "సుముహూర్తమునకు" అని ఉన్నచోట "సుమంత్" అన్నాడు. పిల్లలు పకపకా నవ్వారు. తండ్రి కార్డు లాక్కుని, "ఒట్టి బద్ధకం. ఫోన్ ఇచ్చి చూడండి, అందులో ఏది ఎక్కడుందో అన్నీ తెలుసు వీడికి" అన్నాడు.

ఆ తప్పులు ఒక్కసారి చూడండి. వత్తు వచ్చినచోట వత్తు జారిపోయింది, దీర్ఘం కుదించుకుపోయింది, మొదటి అక్షరం పట్టుకుని మిగతాది ఊహించాడు. చదవడం ఇష్టంలేని పిల్లాడు "నాకు రాదు" అని కార్డు పక్కన పడేస్తాడు. వీడు ప్రతి మాటతోనూ కుస్తీ పట్టాడు. ఇవి డిస్లెక్సియాలో కనిపించే తప్పులు. ఈ సమస్య కంటిలో లేదు, తెలివిలోనూ లేదు. మాటలోని ధ్వనుల్ని విడదీసి, ఒక్కోదాన్నీ దాని గుర్తుతో జత చేసుకోవడం దగ్గర ఉంది. తెలుగులో అది ఎంత పనో మనకు గుర్తుండదు. "జ్యే" అనే ఒక్క అక్షరం తీసుకోండి. జ ఉంది, కింద య వత్తు ఉంది, పైన ఏత్వం ఉంది. ఏత్వం జ నెత్తిన కూర్చుంటుంది, పలికేటప్పుడేమో య తర్వాత వస్తుంది. మనకు చూడగానే మొత్తం ఒక్క ముద్దగా అందుతుంది. వాడు ప్రతిసారీ మొదటి నుంచి విప్పుకోవాలి. అలా విప్పుకునేలోపే పెదనాన్న "ఊఁ, తర్వాత?" అంటాడు.

"మరి ఒకటి, రెండు తరగతుల్లో ఫస్టు వచ్చాడుగా?" అని తండ్రి వాదన. వచ్చాడు, నిజమే. ఆ పాఠాలు నాలుగు లైన్లు, పక్కన బొమ్మ. రెండుసార్లు వింటే మొత్తం ఒప్పజెప్పేస్తాడు, వేలు కూడా లైను వెంట సరిగ్గానే కదుపుతాడు. అదే పాఠంలో బొమ్మ మూసేసి, నడిమధ్య ఒక్క మాట చూపించి అడగండి. లేదా అర్థంలేని మాట ఒకటి రాసివ్వండి, "పిలుక" అని. అక్షరాలు పట్టుబడ్డ పిల్లాడు "పిలుక" అనే చదువుతాడు. ఇలాంటి పిల్లాడు "చిలుక" అనో "పిల్లి" అనో అనే అవకాశం ఎక్కువ. దీంతోనే తేల్చేయమని అనడం లేదు. ముందు కళ్ళు, చెవులు పరీక్ష చేయించాలి, ఆ తర్వాత సైకాలజిస్టు కూర్చోబెట్టి చదివించి, రాయించి, తెలివితేటల పరీక్ష కూడా చేసి చెబుతారు. దీన్ని చూపించే స్కానింగ్ లేదు. దీనికి జ్ఞాపకశక్తి టానిక్కూ లేదు.

అదే పిల్లాడు భోజనాలకు ముందు మేడమీద మిగతా పిల్లలకు చెబుతున్నాడు: ట్యాంకు ఎత్తులో ఉంది కాబట్టి కింద కుళాయిలో ధార గట్టిగా వస్తుంది, పై అంతస్తులో సన్నగా వస్తుంది అని. అడిగితే నోటితో ఇంత చక్కగా చెప్పి, కాగితం మీదున్న ఒక్క వాక్యం చదవలేకపోతున్నాడంటే అడ్డం ఎక్కడుందో అక్కడే తెలుస్తోంది. ఆ మాటలు ఒక్కరూ వినలేదు. కార్డు మాత్రం అందరూ విన్నారు.

మేనత్త అన్న మాటైతే ఇంకా గుచ్చుకుంది. "వాళ్ళ నాన్నా అంతేగా! మా నాన్న బెల్టు తీస్తే తప్ప పుస్తకం ముట్టేవాడు కాదు. పదో తరగతి మూడోసారికి గట్టెక్కాడు." వంశంలోనే బద్ధకం ఉందని చెప్పడానికి అందామె. వంశంలో తరచు వచ్చేది బద్ధకం కాదు, డిస్లెక్సియా. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం బాగా ఎక్కువ. ఆయన ఎలక్ట్రికల్ షాపులో వందల సామాన్ల రేట్లు నోటికి చెబుతాడు, బిల్లు మాత్రం కుర్రాడి చేత రాయిస్తాడు. పరీక్ష చేయకుండా ఆయనకూ ఉందని నేను చెప్పను. కానీ అన్నా, కొడుక్కి ఉన్నది బద్ధకం కాదని ఒప్పుకుంటే, ఆ రోజు నీ వీపు మీద పడ్డ బెల్టు దెబ్బలకూ అర్థం లేదని ఒప్పుకోవాలి. అది ఎంత కష్టమో అర్థమవుతుంది. ఆ కష్టానికి తొమ్మిదేళ్ళ పిల్లాడు ఎందుకు దెబ్బలు తినాలి?

ఇక బడుల్లో వేసే ఇంపోజిషన్ సంగతి. దీని మీద నాకు ఎప్పటినుంచో మంట. "విద్యార్థి" తప్పు రాస్తే 50 సార్లు రాయమంటారు. ఆ పుస్తకం తెరిచి చూడండి. పిల్లాడు ముందు పైనుంచి కిందికి వరసగా 50 "వి"లు పెడతాడు, తర్వాత 50 "ద్యా"లు, చివర 50 "ర్థి"లు. మాట మొత్తం ఒక్కసారి కూడా వాడి బుర్రలోంచి వెళ్ళలేదు. చెయ్యి నొప్పి పుట్టింది, మర్నాడు డిక్టేషన్‌లో మళ్ళీ "విదారి". "నిన్న 50 సార్లు రాశావు కదరా!" అని మళ్ళీ దెబ్బ. ట్యూషన్ రెండు గంటలు పెంచినా జరిగేది ఇదే.

పనికొచ్చే పద్ధతి వేరు. రోజుకు అరగంట, ముప్పావుగంట, వారంలో కనీసం నాలుగైదు రోజులు. ఒకసారికి ఒక్కటే విషయం. య వత్తు మొదలుపెడితే "విద్య, సత్యం, ముఖ్యం", అంతే. మాటను బల్ల మీద తడుతూ విడగొట్టాలి: వి, ద్య. ఒక్కో ముక్కకు ఒక అట్టముక్క పెట్టాలి. నోటితో పలుకుతూనే వేలితో ఇసుకలోనో పలక మీదో రాయాలి. అది తడబడకుండా వచ్చాకే ర వత్తు. రెండూ కలిపి ఒకేసారి మొదలుపెడితే రెండూ పోతాయి. నెలల పని ఇది, కొందరికి ఏళ్ళు పడుతుంది. తప్పులు తగ్గాక కూడా వేగం అందరితో సమానం కాకపోవచ్చు.

అందుకే పరీక్షల్లో అదనపు సమయం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో డిస్లెక్సియా కూడా ఉంది. సీబీఎస్‌ఈలో వైకల్యం సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకు 3 గంటల పేపరుకు ఇంకో 60 నిమిషాలు ఇస్తారు. "సర్టిఫికెట్ తీసుకుంటే రేపు పిల్లనెవరిస్తారు?" అన్నాడు బాబాయి. బాబాయిగారూ, వాడికి ఇంకా తొమ్మిదేళ్ళే. పైగా అట్టముక్కలతో "విద్య" నేర్పడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు, ఇవాళే మొదలుపెట్టొచ్చు.

పిల్లాడికి పరీక్ష చేయించండని బడివాళ్ళు రాసిచ్చిన ఉత్తరం పది రోజులుగా ఆ తండ్రి చొక్కా జేబులో నాలుగు మడతల్లో ఉందట. వాళ్ళమ్మ వంటింట్లో మెల్లగా చెప్పింది. దాని మీద ఆయన సంతకం ఒక్కటే తక్కువ.