అండర్ అబ్జార్ప్షన్ అంటే నష్టం కాదు: జిన్నింగ్ మిల్లు లెక్కతో జవాబు

"ఓవర్‌హెడ్ అండర్ అబ్జార్బ్ అయిందంటే ఆ నెల అంత నష్టం వచ్చినట్టే. ఓవర్ అబ్జార్బ్ అయితే అది మిగులు, లాభంలో కలుపుకోవచ్చు. సంవత్సరం చివర తేడా ఎంతున్నా అమ్మిన సరుకుకూ స్టాకుకూ పంచేసి, వచ్చే ఏడు రేటు ఆ మేరకు పెంచుకుంటే సరి."

మా ఊరి అకౌంట్స్ వాళ్ల గ్రూపుల్లో ఈ మెసేజ్ తిరుగుతూనే ఉంది. వరంగల్ దగ్గర నేను ఖర్చుల లెక్క చూసే ఒక జిన్నింగ్ మిల్లులో దీన్ని నమ్మి తీసుకోబోయిన నిర్ణయాన్ని ఆపాల్సి వచ్చింది. అందుకే వివరంగా రాస్తున్నాను. అంకెలు సులువుగా ఉండాలని గుండుగా చేశాను.

మిల్లు సొంత పత్తి ఆడిస్తుంది, వ్యాపారుల పత్తి కూలికీ ఆడిస్తుంది. అక్టోబర్ నుంచి సెప్టెంబర్ దాకా బడ్జెట్ 12,000 బేళ్లు. బేలు అంటే 170 కిలోల దూది, దానికి సుమారు 5 క్వింటాళ్ల పత్తి కావాలి. ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్ ₹60 లక్షలు అనుకున్నాం. అందులో ₹48 లక్షలు బేలు వచ్చినా రాకపోయినా తప్పని ఖర్చు: షెడ్డు అద్దె, ఇన్సూరెన్స్, పర్మనెంట్ మనుషుల జీతాలు, కరెంటు డిమాండ్ ఛార్జీ, తరుగుదల. మిగతా ₹12 లక్షలు బేలుతో పాటు పెరిగేది, అంటే బేలుకు ₹100. మొత్తం ₹60 లక్షలను 12,000తో భాగిస్తే రేటు బేలుకు ₹500. బేలు తయారైనప్పుడల్లా కాస్ట్ షీటులో ఆ ₹500 ఎక్కుతుంది. ఇలా ఎక్కింది అసలు ఖర్చు కన్నా తక్కువైతే అండర్ అబ్జార్బ్, ఎక్కువైతే ఓవర్ అబ్జార్బ్ అంటాం.

ముందు నెల సంగతి. జూలైలో పత్తి లేదు, ఒక్క బేలు రాలేదు. స్థిర ఖర్చు మాత్రం నెలకు ₹4 లక్షలు పడింది. షీటు మీద ₹4 లక్షలు అండర్ అబ్జార్బ్ అని కనిపించగానే సేటు ఫోన్ చేశారు: "ఈ నెల నాలుగు లక్షలు మునిగినమా?" నేను డిసెంబర్ షీటు ముందు పెట్టాను. ఆ నెల 2,500 బేళ్లు వచ్చాయి. ఎక్కినది ₹12.5 లక్షలు, అసలు ఖర్చు ₹6.5 లక్షలు, ఓవర్ అబ్జార్బ్ ₹6 లక్షలు. "అప్పుడు మీరు ఆరు లక్షలు లాభం అనుకోలేదు కదా సార్" అన్నాను. రేటు కట్టిందే పన్నెండు నెలల ఖర్చును, ఏడాది మొత్తం వచ్చే బేళ్లను కలిపి. సీజన్ నెలలు ఎక్కువ మోస్తాయి, ఖాళీ నెలలు ఏమీ మోయవు. అందుకే లోపలి నెలవారీ షీట్లలో ఈ తేడాను ఓవర్‌హెడ్ సస్పెన్స్ ఖాతాలో ఉంచి ముందుకు తీసుకెళ్తాం. అయితే ఇది లోపలి లెక్కకే. లిస్టెడ్ కంపెనీలు బయటికి ఇచ్చే మూడు నెలల ఫలితాల్లో ఈ తేడాను ఇలా వాయిదా వేయడానికి లేదు.

అసలు పని సంవత్సరం ముగిశాక. పోయిన సీజన్‌లో మాకు 12,000 రాలేదు, 9,000 బేళ్లే వచ్చాయి. ఓవర్‌హెడ్ ₹58.5 లక్షలు అయింది. బేళ్ల మీద ఎక్కింది ₹45 లక్షలు. తేడా ₹13.5 లక్షలు.

ఈ అంకెను ఒకే ముద్దగా చూస్తే ఏమీ తెలియదు. దాన్ని రెండుగా విడదీయాలి. 9,000 బేళ్లకు ఎంత ఖర్చు కావాలి? స్థిరం ₹48 లక్షలు, బేలుకు ₹100 చొప్పున ₹9 లక్షలు, మొత్తం ₹57 లక్షలు. అయింది ₹58.5 లక్షలు. అంటే అదనంగా పెట్టింది ₹1.5 లక్షలే. మిగతా ₹12 లక్షలు ఎవరూ దుబారా చేసింది కాదు. రాని 3,000 బేళ్లు ఒక్కొక్కటి మోయాల్సిన ₹400 స్థిర ఖర్చు అది. ఖాళీగా నిలిచిన యంత్రాల ఖరీదు అనుకోండి. ఈ రెంటికీ జవాబు చెప్పాల్సిన మనుషులు వేరు. ₹1.5 లక్షలకు షెడ్డు సూపర్‌వైజర్ చెప్పాలి, ₹12 లక్షలకు పత్తి కొనుగోలు చూసేవాళ్లు చెప్పాలి. మెసేజ్ నమ్మిన మిల్లులో మొత్తం ₹13.5 లక్షలకు సూపర్‌వైజర్ మాట పడతాడు. నా కళ్లెదుట ఒకాయన పడ్డాడు, అది అన్యాయం.

ఇక పంచడం. 9,000లో 900 బేళ్లు, అంటే పదో వంతు, మార్కెట్ ధర కోసం గోదాంలో ఉన్నాయి. మా కుర్ర అకౌంటెంట్ ₹13.5 లక్షల్లో పదో వంతు ₹1.35 లక్షలు స్టాకు విలువకు కలిపేశాడు. ఇది తప్పు. నిల్వల విలువ ఎలా కట్టాలో చెప్పే అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్ 2 ప్రకారం స్థిర ఉత్పత్తి ఖర్చును సరుకు మీద వేయాల్సింది మామూలు సామర్థ్యాన్ని బట్టి. మాకు మామూలు సీజన్లంటే 12,000 బేళ్లే. యంత్రం ఖాళీగా ఉన్నందుకు మిగిలిన ₹12 లక్షలు ఆ ఏడాది ఖర్చుగానే పోవాలి, గోదాంలో ఉన్న బేలు విలువ దానివల్ల పెరగదు.

₹1.5 లక్షల సంగతి కాస్త చూసి చెప్పాలి. నేను మీటర్ రీడింగ్ పుస్తకం తెప్పించుకుని బేలుకు ఎన్ని యూనిట్లు కాలాయో, జనరేటర్‌కు ఎంత డీజిల్ పట్టిందో లెక్క వేశాను. రెండూ బడ్జెట్లో అనుకున్నంతే ఉన్నాయి, పెరిగింది ధర. కాబట్టి అది బేలుకు నిజంగా పడిన ఖర్చే, పదో వంతు ₹15,000 స్టాకుకు, ₹1.35 లక్షలు అమ్మిన సరుకుకు వెళ్లాయి. యూనిట్లే పెరిగి ఉంటే, అది అరిగిన రోలర్లతో నడపడం లాంటి అసాధారణ వృథా వల్ల అయితే, అదీ పూర్తిగా లాభనష్టాల ఖాతాకే పోయేది.

ఓవర్ అబ్జార్బ్ అయినప్పుడు మిగులు అనుకోవడం ఇంకా ప్రమాదం. 14,000 బేళ్లు వచ్చాయనుకుందాం. ఖర్చు 48 ప్లస్ 14, ₹62 లక్షలు. ఎక్కింది ₹70 లక్షలు. ఆ ₹8 లక్షలు ఎవరూ మనకు ఇవ్వలేదు, షీటులో ఎక్కువ రాసుకున్నాం, అంతే. బేలుకు నిజమైన ఓవర్‌హెడ్ సుమారు ₹443. గోదాంలో బేళ్లను ₹500 దగ్గర వదిలేస్తే స్టాకు ఖర్చు కన్నా ఎక్కువ విలువతో కూర్చుంటుంది, లాభం ఆ మేరకు ఉబ్బుతుంది. అసాధారణంగా ఎక్కువ ఉత్పత్తి వచ్చిన ఏడాది బేలు మీద వేసిన స్థిర ఖర్చును తగ్గించాలని ఏఎస్ 2 చెప్పేది ఇందుకే.

చివరగా రేటు పెంచడం. సేటు తీసుకోబోయిన నిర్ణయం ఇదే. ₹58.5 లక్షలను 9,000తో భాగిస్తే ₹650. దాన్ని రేటుగా పెట్టి, కూలికి ఆడించే పత్తికి బేలుకు ₹150 పెంచుదామన్నారు. పక్క మిల్లు పాత రేటుకే ఆడిస్తుంటే వ్యాపారి మన గేటుకు లారీ ఎందుకు తిప్పుతాడు? బేళ్లు 7,000కు పడితే అదే లెక్కన రేటు ₹800 దాటుతుంది. ఇంకో ఏడు తిరిగేసరికి ఇంకా తక్కువ బేళ్లు, ఇంకా ఎక్కువ రేటు. ఖాళీ యంత్రం ఖర్చును వచ్చిన పత్తి మీద వేస్తే వచ్చేదీ ఆగిపోతుంది.

మేం సామర్థ్యం 12,000 దగ్గరే ఉంచి, డీజిల్, కరెంటు కొత్త ధరలను మాత్రం కలుపుకున్నాం. 9,000 బేళ్లకు పెరిగింది ₹1.5 లక్షలు, అంటే బేలుకు సుమారు ₹17. కొత్త రేటు ₹517. మూడు వేల బేళ్లు ఎందుకు రాలేదన్న ప్రశ్న మాత్రం షీటు నుంచి తీసేయలేదు, ఖాళీ సామర్థ్యం అని వేరే వరుసలో ప్రతి నెలా రాస్తున్నాం. సేటు ఇప్పుడు ముందు ఆ వరుసే చూస్తున్నారు.