స్థలం అమ్మిన 24 లక్షలు: ఒకేసారా, విడతలుగానా?

రేణిగుంట రోడ్డులో ఇంటి స్థలం అమ్మగా పన్ను పోను 24 లక్షలు చేతికొచ్చాయనుకుందాం. ఇండెక్స్ ఫండ్‌లో పెట్టాలని నిర్ణయం అయిపోయింది. మిగిలింది ఒక్కటే ప్రశ్న: రేపే మొత్తం పెట్టేయాలా, తక్కువ రిస్కుండే లిక్విడ్ ఫండ్‌లో ఉంచి నెలకు 2 లక్షల చొప్పున ఏడాదిపాటు ఎస్‌టీపీతో, అంటే ఒక ఫండ్ నుంచి ఇంకో ఫండ్‌కు నెలనెలా దానంతటదే జరిగే బదిలీతో, మళ్లించాలా?

విడతల దారిలో ఏడాది పొడవునా సగటున 11 లక్షలు లిక్విడ్ ఫండ్‌లోనే ఉండిపోతాయి. ఈక్విటీ 12 శాతం, లిక్విడ్ 6 శాతం ఇస్తాయనుకుంటే ఆ తేడాకు మనం వదులుకునేది సుమారు 66 వేలు. మనశ్శాంతికి కట్టే ప్రీమియం అన్నమాట. తిరుపతిలో చాలామంది ఈ ఖర్చు లెక్కలోకే తీసుకోరు, ఎందుకంటే ఏ స్టేట్‌మెంట్‌లోనూ అది కనిపించదు.

మార్కెట్ ఏడాదిలో నెమ్మదిగా 20 శాతం పడిందనుకోండి. ఒకేసారి పెట్టిన 24 లక్షలు 19.2 లక్షలవుతాయి. విడతలుగా పెట్టినవాళ్ల దగ్గర లిక్విడ్ రాబడితో కలిపి 21.9 లక్షల దాకా ఉంటాయి. అదే 20 శాతం పెరిగితే 28.8 లక్షలకు బదులు 27.1 లక్షలే మిగులుతాయి. పడినప్పుడు మిగిలేది, పెరిగినప్పుడు పోయేదానికంటే ఎక్కువే. అయితే మార్కెట్ పడే ఏళ్లకన్నా పెరిగే ఏళ్లే ఎక్కువ.

ఫండ్ సంస్థ వాన్‌గార్డ్ 2012లో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా మార్కెట్ల చరిత్రపై సరిగ్గా ఈ 12 నెలల పోలికే చేసింది. దాదాపు మూడింట రెండు వంతుల సందర్భాల్లో ఒకేసారి పెట్టినదే గెలిచింది.

మిగిలిన ఆ ఒక వంతు ఎలా ఉంటుందో 2008 చూపించింది. నిఫ్టీ ఆ ఏడాది 6,138 దగ్గర మొదలై 2,959 దగ్గర ముగిసింది. జనవరిలో మొత్తం పెట్టినవారు సగానికి పైగా పోగొట్టుకున్నారు, విడతలవారి నష్టం అంతకన్నా తక్కువే, అయినా వాళ్లూ గట్టిగానే దెబ్బతిన్నారు. కానీ అదే 12 విడతలు 2007 జనవరిలో మొదలుపెట్టినవారి సంగతి? ఏడాదంతా పెరుగుతున్న ధరకు కొని, డిసెంబరుకల్లా డబ్బంతా లోపల పెట్టి, పతనాన్ని పూర్తిగా ఎదుర్కొన్నారు. విడతల రక్షణ ఆఖరి విడతతోనే అయిపోతుంది.

ఇంకో చిక్కు మనిషితో వస్తుంది. మార్కెట్ పడగానే ‘కొన్నాళ్లు ఆగుదాం’ అని ఎస్‌టీపీ ఆపేస్తారు. చవగ్గా కొనాల్సిన విడతలే పోతాయి, ప్రీమియం కట్టిన పాలసీని క్లెయిమ్ వేళకు రద్దు చేసుకున్నట్టు. పైగా ప్రతి మళ్లింపూ లిక్విడ్ ఫండ్ నుంచి అమ్మకమే కాబట్టి దాని లాభంపై శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. ఈక్విటీలోకి వెళ్లిన ప్రతి విడతకూ, లాభాన్ని దీర్ఘకాలికంగా లెక్కించే ఏడాది గడువు వేరుగా మొదలవుతుంది.

24 లక్షలు 19కి పడితే నిద్రపట్టదు అనిపిస్తే విడతలు పెంచుకోవడం మందు కాదు. అందులో 10 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనే ఉంచి, 14 లక్షలు ఒకేసారి పెట్టడం మేలు. అంతకూ ధైర్యం చాలకపోతే విడతలే వేసుకోండి. అయితే ఆరు నెలలు దాటనివ్వకండి, తేదీలు ముందే ఖరారు చేసి మధ్యలో ముట్టుకోకండి.