అర్థం కానప్పుడు దుకాణం ఏమంటుంది?

అమెరికాలో పచ్చళ్లు, పొడులు, పిండివంటలు ఆన్‌లైన్‌లో అమ్మే మనవాళ్ల దుకాణాలు కొన్ని ఇప్పుడు వెబ్‌సైట్‌లో ఒక చాట్‌బాట్‌ను పెట్టుకుంటున్నాయి. సీసా లేబుల్ మీద రాసే నాలుగు మాటల కోసం వారాల తరబడి ఆలోచించే యజమానులే, చాట్‌బాట్ పలకరింపును, అర్థం కానప్పుడు అది ఇచ్చే జవాబును మాత్రం సాఫ్ట్‌వేర్‌తో వచ్చినవి వచ్చినట్టే వదిలేస్తున్నారు. ఆ రెండింటినీ దుకాణం వాళ్లే కూర్చుని తిరగరాసుకోవాలని, అందులోనూ రెండోదానికి ఎక్కువ సమయం ఇవ్వాలని నా అభిప్రాయం.

తెలిసినవారి పచ్చళ్ల దుకాణం కోసం ఈ పని దగ్గరుండి చేశాను. అక్కడి పలకరింపు మొదట ఇలా ఉండేది: “హాయ్! నేను మీ వర్చువల్ అసిస్టెంట్‌ని! ఈరోజు మీకు ఏ విధంగా సహాయపడగలను?” ఏదైనా అడగమని ఆహ్వానించే ఈ బాట్‌కు నిజానికి తెలిసినవి మూడే విషయాలు: ఆర్డర్ ఎక్కడుంది, ఏ సరుకు స్టాకులో ఉంది, డెలివరీకి ఎన్ని రోజులు పడుతుంది. అందుకని దాన్ని ఇలా మార్చాం: “నమస్కారం. ఇది మా దుకాణం ఆటోమేటిక్ చాట్. మీ ఆర్డర్, స్టాకు, డెలివరీ వివరాలు ఇక్కడ వెంటనే తెలుసుకోవచ్చు. మిగతా విషయాలకు మా సిబ్బంది ఈస్టర్న్ టైమ్ ప్రకారం ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు అందుబాటులో ఉంటారు.” దాని కింద మూడు విషయాలకు మూడు బటన్లు, సిబ్బందితో మాట్లాడేందుకు నాలుగోది పెట్టాం. మాట్లాడుతున్నది యంత్రమని ముందే చెప్పడం మర్యాద మాత్రమే కాదు. సరుకు అమ్మే ఉద్దేశంతో బాట్‌ను మనిషిగా నమ్మించి మోసపుచ్చడాన్ని కాలిఫోర్నియా చట్టం 2019 జూలై నుంచి నిషేధించింది.

అసలు చిక్కు అర్థం కానప్పటి జవాబుతోనే వచ్చింది. ఒక కస్టమర్ “సీసా పగిలి వచ్చింది, నూనె అంతా పెట్టెలో కారిపోయింది” అని రాస్తే, బాట్ ఒక నవ్వు బొమ్మతో “అయ్యో! అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి!” అంది. ఆవిడ అదే వాక్యాన్ని మళ్లీ రాశారు, అదే జవాబు మళ్లీ వచ్చింది. సరదాగా మాట్లాడటం మా బ్రాండ్ గొంతు కదా అని యజమాని అన్నారు. కానీ ఈ ఒక్క సందేశం ఏ ప్రశ్న కింద పడుతుందో రాసేవారికి ముందుగా తెలియదు, కాబట్టి అది ఎంత కోపంగా వచ్చిన ఫిర్యాదు కింద పడినా ఎబ్బెట్టుగా అనిపించకూడదు. పాత చాట్‌లలోంచి చేదు ఫిర్యాదులను తీసి, ఒక్కొక్కదాని కింద మన జవాబును అతికించి పైకి చదివితే సంగతి వెంటనే తెలుస్తుంది. నవ్వు బొమ్మలు, ఆశ్చర్యార్థకాలు అక్కడే రాలిపోతాయి. దుకాణం గొంతులో మిగలవలసిన మన్నన, తేట మాత్రం మిగులుతాయి.

కొత్త జవాబు ఇది: “క్షమించండి, ఈ ప్రశ్నకు జవాబు ఈ చాట్‌లో దొరకలేదు. కింది వాటిలో ఒకటి ఎంచుకోండి, లేదా మా సిబ్బందికి పంపండి.” తప్పు కస్టమర్‌ది అన్నట్టు ధ్వనించదు, మళ్లీ టైప్ చేయమనదు, ముందుకు దారి చూపిస్తుంది. రెండోసారి కూడా అర్థం కాకపోతే మూడో ప్రయత్నం లేకుండా, అప్పటిదాకా రాసినదంతా సిబ్బందికి చేరుతుంది. దుకాణం మూసి ఉన్న వేళ అయితే ఆర్డర్ నంబరు, ఈమెయిలు అడిగి, జవాబు ఎప్పటిలోగా వస్తుందో చెబుతుంది. డబ్బు తిరిగి ఇస్తామన్న మాట మాత్రం అందులో రాయనివ్వలేదు. తన వెబ్‌సైట్ చాట్‌బాట్ చెప్పిన తప్పు సమాచారానికి ఎయిర్ కెనడా విమాన సంస్థే బాధ్యత వహించాలని 2024లో అక్కడి ట్రిబ్యునల్ తేల్చింది.

బాట్‌కు ప్రశ్న అర్థమై, సమాచారమే అందనప్పుడు కూడా చాలా చోట్ల ఇదే జవాబు వస్తుంది. కొరియర్ సిస్టమ్ పలకనప్పుడు “అర్థం కాలేదు” అంటే, కస్టమర్ తన ఆర్డర్ నంబరు తప్పేమోనని పదే పదే టైప్ చేస్తారు. దానికి వేరే వాక్యం ఉండాలి: “మీ ఆర్డర్ నంబరు అందింది. కొరియర్ వివరాలు ప్రస్తుతం రావడం లేదు, కాసేపాగి చూడండి.”

మార్పు పనిచేస్తోందో లేదో చాట్‌లన్నీ నమోదయ్యే లాగ్‌లో కనిపిస్తుంది. జవాబు వచ్చాక కస్టమర్ అదే మాట మళ్లీ రాస్తే సందేశం దారి చూపలేదన్నమాట. బటన్ నొక్కితే చూపినట్టు. “gongura stock unda” వంటి ఇంగ్లీషు లిపిలోని తెలుగు ప్రశ్నలు అక్కడ వరుసగా కనిపిస్తే, అది సందేశంలోని లోపం కాదు. ఆ మాటలను బాట్‌కు నేర్పించాలి. పగిలిన సీసా ఫిర్యాదుకూ అలాగే ప్రత్యేకంగా ఒక జవాబు రాసి, ఫోటో పంపే బటన్ జతచేశాం. ఇక సంక్రాంతికో థాంక్స్‌గివింగ్‌కో దుకాణం మూసినప్పుడు, పలకరింపులోని వేళలను ఎవరు మార్చాలో ముందే ఒకరికి అప్పగించాలి.