బొడ్డు కింద 18 పొరలు

మొన్న మా పిన్ని కూతురి నిశ్చితార్థానికి చీర కట్టడానికి ఒకావిడ వచ్చింది. కుచ్చిళ్ళు దోపి, పైట పిన్ను చేసి, రెండడుగులు వెనక్కి వేసి చూసి, "పొట్ట కాస్త తగ్గించుకోవాలమ్మా, పెళ్ళికి ఇంకా రెండు నెలలు ఉంది కదా" అంది. మా చెల్లి నడుము 28 అంగుళాలు. ఆ మాట విన్నప్పటి నుంచి ఫంక్షన్ అయ్యేదాకా ప్రతి ఫోటోలోనూ చెయ్యి పొట్టకు అడ్డం పెట్టుకునే నిలబడింది. నాకు కోపం ఇంకా తగ్గలేదు. అందుకే ఇంత పెద్ద పోస్ట్.

ఆ పొట్ట తనది కాదు. చీరది. లెక్క చెప్తాను చూడండి.

మామూలు చీర పొడవు ఐదున్నర మీటర్లు, అంటే దాదాపు 216 అంగుళాలు. మా చెల్లికి మొదటి చుట్టుకి 30 అంగుళాలు పోయింది. కుచ్చిళ్ళ తర్వాత ఎడమ పక్క నుంచి వీపు మీదుగా కుడి నడుము దాకా తిరగడానికి ఇంకో 24. అక్కడి నుంచి ఛాతీ మీదుగా ఎడమ భుజానికి వెళ్ళి, వెనక మోకాలి దాకా వేలాడే పైటకి 68. మొత్తం 122. మిగిలిన 94 అంగుళాలూ కుచ్చిళ్ళలోకే వెళ్ళాలి. ఆవిడ ఐదేసి అంగుళాల వెడల్పుతో సన్నగా, అందంగా పెట్టింది. ఒక్కో కుచ్చికి వెళ్ళడానికి ఐదు, రావడానికి ఐదు, అంటే పది అంగుళాల గుడ్డ. తొమ్మిది కుచ్చిళ్ళు వచ్చాయి. తొమ్మిది కుచ్చిళ్ళంటే 18 పొరలు.

ఇప్పుడు ఎత్తు సంగతి. చీర పన్నా 46 అంగుళాలు. మా చెల్లి ఐదడుగుల పిల్ల, చెప్పులతో కలిపి నడుము నుంచి నేల దాకా 38. అంటే పైన ఎనిమిది అంగుళాలు లోపలికి దోపాల్సిందే. పట్టుచీర కాబట్టి ఆ ఎనిమిది అంగుళాల్లో పై అంచు జరీ కూడా ఉంది. బొడ్డు కింద ఎనిమిది అంగుళాల లోతున, 18 పొరల జరీ గుడ్డ, ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి పెట్టారు. దాని కింద లంగా బొందు ముడి. అంత గుడ్డను ఏ కడుపు మీద పెట్టినా ఎత్తుగానే కనిపిస్తుంది.

ఇందులో చాలామంది గమనించని విషయం ఒకటుంది. నడుము ఎంత సన్నగా ఉంటే చుట్టుకి అంత తక్కువ గుడ్డ పోతుంది, కుచ్చిళ్ళు అన్ని ఎక్కువ వస్తాయి. ఎంత పొట్టిగా ఉంటే అంత ఎక్కువ లోపలికి దోపాలి. కాబట్టి సన్నగా, పొట్టిగా ఉన్నవాళ్ళకే ఈ కట్టులో పొట్ట ఎక్కువ కనిపిస్తుంది. నడుము 42 అంగుళాలున్న మా పెద్దమ్మకి అవే ఐదంగుళాల కుచ్చిళ్ళు ఏడుకు మించి రావు.

మీది గుడ్డ పొట్టో, సొంత పొట్టో తెలుసుకోవడం తేలికే. అద్దం ముందు పక్కకి తిరగండి. ఎత్తు నడుము దగ్గరే మొదలై, దోపిన గుడ్డ ఆగిన చోట ఒక్కసారిగా మెట్టులా దిగిపోతే అది గుడ్డ. అరచేత్తో నొక్కితే చదునుగా అణిగి మళ్ళీ లేస్తుంది.

ఈ మొత్తం గొడవ నీవి కట్టుది. ఇవాళ మనం "చీర కట్టు" అంటే మనసులో మెదిలేది అదొక్కటే: కుచ్చిళ్ళు ముందు, పైట ఎడమ భుజం మీద. నీవి అంటే అసలు అర్థం పోకముడి, నడుము దగ్గర బట్టకి వేసే ముడి. ఇప్పుడు ఆ ముడి పని లంగా బొందు చేస్తోంది, పేరు మాత్రం కట్టుకి మిగిలింది. లంగా, జాకెట్టుతో కలిపి ఎడమ భుజం మీద పైట వేసే పద్ధతికి బెంగాల్‌లో ప్రచారం తెచ్చింది రవీంద్రనాథ్ ఠాగూర్ వదినగారు జ్ఞానదానందినీ దేవి. 1860లలో భర్త ఉద్యోగం వల్ల బొంబాయి వైపు వెళ్ళినప్పుడు పార్సీ ఆడవాళ్ళ కట్టు చూసి, దాన్ని తనకు వీలుగా మార్చుకున్నారు. ఆవిడ ఒక అవసరం కోసం చేసుకున్న మార్పు అది. అలాంటి ఒక్క కట్టునే కొలబద్దగా పెట్టి, అందులో ఇమడని ఒంటిని "చీరకి పనికిరాని ఒళ్ళు" అనడం నాకు మింగుడు పడదు.

నిశ్చితార్థం అయిన వారానికి చెల్లిని మా ఇంటికి పిలిచి, అదే చీర కర్ణాటకలోని కొడగు పద్ధతిలో కట్టాను. కొడగు కట్టులో కుచ్చిళ్ళు వెనక. కావేరమ్మ నదిగా పొంగి వెళ్తుంటే నీటి వేగానికి ఆడవాళ్ళ కుచ్చిళ్ళు వెనక్కి తిరిగిపోయాయని అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. కుచ్చిళ్ళు వీపు కింద దోపాక, మిగిలిన చీరని ఎడమ చంక కింద నుంచి ఛాతీ మీదుగా అడ్డంగా తెచ్చి, కుడి చంక కింద నుంచి వీపు వైపు తీసుకెళ్ళి, చివరి చెంగుని కుడి భుజం మీదుగా ముందుకు లాగి పిన్ను పెడతారు.

అవే తొమ్మిది కుచ్చిళ్ళు, అవే 18 పొరలు. కానీ అవి వెళ్ళి కూర్చున్నది వీపు కింద సహజంగా లోపలికి ఉండే ఒంపులో. ముందు నుంచి చూస్తే ఛాతీ నుంచి పాదాల దాకా ఒకటే నున్నటి గీత. పొట్ట దగ్గర ఉన్నది రెండే పొరలు. చెల్లి అద్దంలో చూసుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అక్కా, నా ఒళ్ళు ఇలా ఉంటుందా" అంది.

నీవిలో పైట కుడి నడుము నుంచి ఎడమ భుజానికి ఏటవాలుగా వెళ్తుంది, చూపు దాని వెంట పైకి పోతుంది. కొడగు కట్టులో ఏటవాలు గీతే లేదు, ఛాతీ మీద అడ్డగీత వస్తుంది. దాంతో భుజాలూ మెడా బాగా కనిపిస్తాయి, జాకెట్టు కుట్టు బాగాలేకపోతే అదీ కనిపిస్తుంది. ఇబ్బందులూ ఉన్నాయి. కుర్చీలో వెనక్కి ఆనుకుంటే కుచ్చిళ్ళు నలిగిపోతాయి. వెనక ఎవరైనా దోపకపోతే మనంతట మనం సరిగ్గా పెట్టుకోవడం కష్టం. వెనక భాగం ఎత్తుగా ఉన్నవాళ్ళకి జరీ చీరతో ఇది ఇంకా ఎత్తు తెస్తుంది, మెత్తటి చీర అయితే నయం.

గుజరాతీ కట్టు దగ్గరికొస్తే కుచ్చిళ్ళు ముందే ఉంటాయి కానీ పైట వాటిని కప్పేస్తుంది. వెనక నుంచి కుడి భుజం మీదుగా ముందుకు తెచ్చి, ఛాతీ మీద విప్పి పరిచి, ఒక మూలని ఎడమ నడుము వెనక దోపుతారు. పొట్ట మాయమవుతుంది. నడుము కూడా మాయమవుతుంది. భుజం నుంచి తొడ దాకా ఒకటే పలకలా కనిపిస్తుంది. పైట కొస అంచు తొడ మీద అడ్డంగా పడుతుంది కదా, ఆ గీత మోకాలి దగ్గరికి దిగితే కాళ్ళు సగానికి తెగినట్టు ఉంటాయి. పొట్టివాళ్ళు ఆ అంచుని తొడ మధ్యకన్నా పైనే ఆపుకోవాలి. పైట మీద పనితనం ఉన్న చీరకి మాత్రం ఇదే న్యాయం చేస్తుంది, ఎందుకంటే నీవిలో అదంతా వీపు వెనకే ఉండిపోతుంది.

బెంగాలీల ఆట్‌పౌరే కట్టులో సన్నటి కుచ్చిళ్ళే లేవు. రెండు వెడల్పాటి మడతలు, అంతే. పైట ముందు ఎడమ భుజం మీదుగా వెళ్ళి, కుడి చంక కింద నుంచి తిరిగొచ్చి కుడి భుజం ఎక్కుతుంది. బొడ్డు దగ్గర పోగు పడేదేమీ లేదు కానీ రెండు భుజాలూ కప్పడం వల్ల పైభాగం వెడల్పుగా కనిపిస్తుంది. పెద్ద అంగ వేయడానికి గుడ్డలో సందు తక్కువ.

ఇక మన గోచీకట్టు. మా నాయనమ్మ నాట్లు వేసేటప్పుడు ఇదే కట్టేది. కుచ్చిళ్ళ అడుగు భాగాన్ని కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసి నడుము దగ్గర దోపడం. మరాఠీ వాళ్ళ తొమ్మిది గజాల చీరలోనూ, తమిళ బ్రాహ్మణుల మడిసార్‌లోనూ సూత్రం ఇదే. లంగా అక్కర్లేదు. ఒక గొట్టంలా ఉండే చీర ఇక్కడ రెండు కాళ్ళుగా విడిపోతుంది. తొడల ఆకారం, పిరుదుల గుండ్రం స్పష్టంగా తెలుస్తాయి. పూజల్లో, పెళ్ళిళ్ళలో ఎంతో ఆచారంగా కట్టుకునే మడిసార్ ఇలా ఉంటే, ఎడమ పైట వేసి కుచ్చిళ్ళు ముందు పెట్టినదే "పద్ధతైన" చీర అని ఎలా అంటారు? పద్ధతి పేరు చెప్పి అమ్మాయిల్ని ఒకే కట్టులోకి తోసేవాళ్ళు మా నాయనమ్మని పొలంలో చూసి ఉండాల్సింది. వంగినా లేచినా ఒక్క మడత జారేది కాదు.

పెళ్ళి చీర మాత్రం నీవిలోనే కట్టాలని అత్తగారింటి వాళ్ళ కోరిక, చెల్లికీ అదే ఇష్టం. సరే, నీవిలోనే సరిచేద్దామని కూర్చున్నాం. కుచ్చి వెడల్పు ఐదు నుంచి ఏడంగుళాలకి పెంచాం. ఒక్కోదానికి 14 పోగా ఆరు కుచ్చిళ్ళు వచ్చాయి, మిగిలిన పది అంగుళాలు పైటలోకి పంపాం. 18 పొరలు 12 అయ్యాయి. ఆ ఆరింటినీ పై భాగంలో సరిగ్గా ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, విసనకర్రలా ఒక్కోదాన్ని వేలి వెడల్పంత పక్కకి జరిపి దోపాం. దాంతో మందం ఒకేచోట పోగవలేదు. వెడల్పు కుచ్చిళ్ళు నడిచేటప్పుడు విచ్చుకుంటాయి, అందుకని నడుముకి నాలుగంగుళాల కింద లోపలి వైపు నుంచి ఒక పిన్నీసు పెట్టాం. లోపలికి దోపిన గుడ్డని ఉండలా వదిలేయకుండా అరచేత్తో కిందికి చదును చేశాం. పక్కకి తిరిగి చూస్తే ఆ మెట్టు లేదు.

పెళ్ళిరోజు కట్టడానికి బయటివాళ్ళెవరూ వద్దంది చెల్లి. మా పెద్దమ్మ కడుతుంది. ఆవిడకి చిన్న కాగితం రాసి ఇచ్చాను: లంగా ముడి ఎడమ పక్కకి, కుచ్చిళ్ళు ఆరు, ఏడంగుళాలు, పిన్నీసు లోపల నుంచి.