డబ్బు ఏ ఖాతాలో పడుతోంది?

హైదరాబాద్ శివార్లలో ఫ్లాట్ వెతికేవారికి మొదట వినబడేది ప్రీలాంచ్ ఆఫరే. మొత్తం సొమ్ము ఒకేసారి కడితే చదరపు అడుగుకు వెయ్యో రెండు వేలో తగ్గిస్తామంటారు. స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరా ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే ‘అప్లై చేశాం సార్, వచ్చేస్తుంది’ అంటారు. ఆ మాట విన్నాక చెక్కు రాయకూడదు. స్థలం 500 చదరపు మీటర్లు, ఫ్లాట్లు ఎనిమిది దాటిన ప్రాజెక్టుకు రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం 2016 నాటి రెరా చట్టం ప్రకారం నేరం.

నంబరు లేకపోతే పోయేది ఒక కాగితం కాదు, మన డబ్బుకున్న కాపలా. రిజిస్టరైన ప్రాజెక్టులో కొనుగోలుదారులు కట్టిన దాంట్లో 70 శాతం ప్రత్యేక బ్యాంకు ఖాతాలో ఉండాలి. దాన్ని ఆ ప్రాజెక్టు స్థలం, నిర్మాణ ఖర్చులకే వాడాలి. పని ఎంత శాతం అయిందో ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరించాకే ఆ మేరకు తీయాలి. ప్రీలాంచ్‌లో ఈ ఖాతాయే ఉండదు. మీరిచ్చిన 60 లక్షలు మరోచోట భూమి కొనడానికి వెళ్లినా మీకు తెలిసే దారి లేదు. రిజిస్టరైన చోట కూడా అగ్రిమెంట్ రిజిస్టర్ కాకముందు ధరలో పది శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. అలాంటిది ‘హండ్రెడ్ పర్సెంట్ పేమెంట్’ అడుగుతున్నారంటే ఆ స్కీమ్ చట్టానికి బయట ఉన్నట్టే.

ధర దగ్గరా ఒక లెక్క వేసుకోవాలి. 1,500 చదరపు అడుగుల ఫ్లాట్, అడుగు 6,000, మొత్తం 90 లక్షలు అన్నారనుకుందాం. ఆ 1,500 అడుగుల్లో లిఫ్టు, మెట్లు, కారిడార్ల వాటా కలిసి ఉంటుంది. కార్పెట్ ఏరియా అంటే లోపలి గోడలతో సహా మనం వాడుకునే నేల. బయటి గోడలు, బాల్కనీ అందులోకి రావు. అది 1,050 అడుగులే అయితే, నిజంగా కాలు పెట్టే ప్రతి అడుగుకూ దాదాపు 8,570 రూపాయలు కడుతున్నట్టు. రెండు ప్రాజెక్టులను పోల్చాల్సింది ఈ అంకెతోనే. అగ్రిమెంట్‌లో రాయించుకోవాల్సిందీ ఇదే.

అయితే ఆ ఖాతా కాపలాలోనూ కంత ఉంది. ఖాతా నడిపేది బిల్డరే. ధ్రువీకరించే ముగ్గురికీ ఫీజు ఇచ్చేదీ అతనే. నాలుగో అంతస్తు దగ్గర ఆగిన పనిని పదో అంతస్తుగా చూపిస్తే బ్యాంకు గుమాస్తా కనిపెట్టలేడు. తప్పు బయటపడేది ఏడాదికోసారి జరిగే ఆడిట్‌లో, అప్పటికి ఖాతా ఖాళీ అయి ఉండొచ్చు. అందుకే మేం రెండు తెలుగు రాష్ట్రాల రెరా సంస్థలనూ కోరుతున్నాం: డబ్బు తీసిన ప్రతిసారీ ఆ సర్టిఫికెట్‌ను, సైటు ఫొటోను, తీసిన మొత్తాన్ని ప్రాజెక్టు పేజీలో అదే వారం పెట్టించాలి. వాయిదా కట్టే ముందు కొనుగోలుదారు సైటుకు వెళ్లి శ్లాబులు లెక్కపెట్టి, ఆ పేజీతో సరిచూసుకునే వీలుండాలి.